"గిస్ట్ చెప్పండి" అని ఒక్క ముక్క రాసి ట్రాన్స్‌క్రిప్ట్ పంపిస్తే ఏం చెయ్యాలి (రాయగడలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసింది)

నమస్కారమండి అందరికీ. వెనక వరసలో వాళ్ళకి స్క్రీన్ కనబడతందా? కనబడకపోతే కొంచెం ముందుకి జరగండి, ఈరోజు చెప్పేదాంట్లో సగం ఆ స్క్రీన్ మీదే ఉంది.

మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పిల్లలకి ఇప్పుడు క్లాసు అంటే సగం వీడియోనే. నర్సింగ్ వాళ్ళకైనా, ఏఎన్ఎమ్ ట్రైనింగ్ వాళ్ళకైనా, బీఎస్సీ వాళ్ళకైనా అంతే. లెక్చర్ ఇంగ్లీషులో మొదలవుద్ది, మధ్యలో సారు ఒడియాలోకి వెళ్ళిపోతారు, ఇంట్లో మనం మాట్లాడుకునేదేమో తెలుగు. గంట వీడియో కూర్చుని చూడ్డానికి టైమ్ ఉండదు, ఒక్కోసారి నెట్ కూడా ఉండదు, అందుకని ట్రాన్స్‌క్రిప్ట్ ఫైల్ వాట్సాప్‌లో పడేసి కింద "గిస్ట్ చెప్పండి" అని రాసేస్తారు. అంతే. ఎంత పొడుగు కావాలో చెప్పరు, పరీక్షకో డ్యూటీకో చెప్పరు, ఏ భాషలో రాయాలో చెప్పరు. ఈ ఊళ్ళో నా దగ్గరికి ఇలాంటివి చాలా వస్తాయి, మీలో కూడా పదిమందికి నోట్స్ రాసిపెట్టేవాళ్ళు ఉన్నారని తెలుసు, అందుకే ఈ మాటలు.

ముందు ఒకటి తేల్చుకుందాం. అలాగ ఒక్క ముక్క రాసినవాళ్ళని తిరిగి నాలుగు ప్రశ్నలు అడగొచ్చా? నా ఉద్దేశంలో అడగక్కర్లేదు. అడిగితే వాళ్ళు "ఏదో ఒకటి చెప్పండి" అంటారు, ఎందుకంటే లెక్చర్‌లో ఏముందో వాళ్ళకి తెలీదు కాబట్టే మనల్ని అడిగారు, తెలీనిదాంట్లో ఏ భాగం కావాలో ఎలా చెప్తారు? కావల్సిన జవాబులు చాలావరకు ఫైల్‌లోనే, పంపిన మనిషిలోనే ఉంటాయి. ఎవరు పంపారు, ఏం చదువుతున్నారు, ఫైల్ పేరేటి, ఏ టైమ్‌కి పంపారు చూస్తే చాలు. రాత్రి పదకొండుకి పంపి గిస్ట్ అన్నారంటే రెండు పేజీలు వద్దని అర్థం. అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఏటంటే, మొదట లెక్చర్ మొత్తం ఏం చెప్తుందో ఒకటి రెండు వాక్యాలు, దాని కింద ఐదారు ముఖ్యమైన విషయాలు, ఒక్కోదానికి ముందు టైమ్. ఫోన్‌లో ఒక్క స్క్రీన్, మహా అయితే ఒకటిన్నర. ఇంకా కావాలంటే వాళ్ళే ఆ టైమ్ పట్టుకుని వీడియోలోకి వెళ్తారు, టైమ్ ఇచ్చేది అందుకే కదా.

సరే, ఒక్క లెక్చర్ తీసుకుని మొదటినుంచి చేసి చూపిస్తాను. మా మేనకోడలు నర్సింగ్ చదువుతంది, పీహెచ్‌సీలో పోస్టింగ్ ముందు రోజు రాత్రి ఒక ఫైల్ పంపింది, "మావయ్యా, రేపు పొద్దున్నే డ్యూటీ, కొంచెం గిస్ట్ చెప్పవా" అని. సికిల్ సెల్ మీద ఒక డాక్టరు గారు నర్సింగ్ పిల్లలకి ఇచ్చిన లెక్చర్, 54 నిమిషాలు. మన వైపు సికిల్ సెల్ అంటే ఎవరికీ చెప్పక్కర్లేదు, కోరాపుట్ రాయగడ వైపు, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు గిరిజన ఊళ్ళలో ఎక్కువగా కనబడే రక్త జబ్బు.

54 నిమిషాలంటే మామూలు లెక్చర్ స్పీడులో ఏడువేల మాటలు దగ్గర దగ్గర. అంతా మొదటి లైను నుంచి చదువుకుంటూ వెళ్ళి ముఖ్యం అనిపించినవి గీసుకుంటూ పోతే ఏమవుద్దంటే, మొదటి పావుగంట నుంచి ఆరు పాయింట్లు వచ్చేస్తాయి, చివరి పావుగంట నుంచి ఒక్కటీ రాదు, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి మనం అలిసిపోతాం. గిస్ట్‌లో టైమ్‌లన్నీ ముందు భాగంలోనే గుంపుగా ఉన్నాయంటే రాసినవాళ్ళు చివరిదాకా చదవలేదని అనుమానించొచ్చు. అందుకని నేను మాటల జోలికి వెళ్ళకముందు టైమ్‌లు చూసుకుంటూ కిందికి దిగుతాను, సారు ఎక్కడెక్కడ దారి మార్చారో వెతుకుతాను. "నౌ లెట్ అస్ కమ్ టు", "సో మచ్ ఫర్ దట్", "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్" ఇలాంటి మాటలు దొరికినచోటల్లా ఒక గీత. ఈ లెక్చర్‌లో గీతలు ఇలాగ పడ్డాయి. 3 నిమిషాలదాకా స్వాగతం, మైకు. 3:10 నుంచి 11:40 దాకా చరిత్ర. అక్కణ్ణించి 19:30 దాకా జబ్బు ఒంట్లో ఏం చేస్తుంది. తర్వాత 27 దాకా తల్లిదండ్రుల నుంచి ఎలా వస్తుంది. 33 దాకా టెస్టులు. 44 దాకా వైద్యం. ఆఖరి పది నిమిషాలు పిల్లల ప్రశ్నలు.

ఇప్పుడు అసలు కష్టం. చరిత్రకి ఎనిమిదిన్నర నిమిషాలు ఇచ్చారు, బాగా చెప్పారు కూడా. 1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టరు, గ్రెనడా నుంచి వచ్చిన ఒక డెంటల్ స్టూడెంట్ రక్తంలో కొడవలి ఆకారంలో ఉన్న కణాలు చూసి రాయడం, 1949లో పాలింగ్ వాళ్ళు ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించడం, అన్నీ చెప్పారు. చదువుతుంటే నాకు ఎంత నచ్చిందో. కానీ పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్ళే పిల్లకి ఇచ్చే గిస్ట్‌లో దానికి ఒక్క లైను కూడా పెట్టలేదు. అదే 41:05 దగ్గర నలభై సెకన్లు కూడా లేని ఒక మాట ఉంది. సికిల్ సెల్ ఉన్న పిల్లకి జ్వరం 38.5 డిగ్రీలు దాటితే రేపు చూద్దాం అనొద్దు, పారాసిటమాల్ ఇచ్చి ఇంటికి పంపొద్దు, అప్పుడే ఆసుపత్రికి పంపాలి, ఎందుకంటే ఆ పిల్లల్లో ప్లీహం, అదే స్ప్లీన్, సరిగ్గా పనిచెయ్యదు, ఇన్ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. సారు ఎంతసేపు మాట్లాడారు అన్నదాన్ని బట్టి బరువు ఇచ్చుకుంటూ పోతే ఈ నలభై సెకన్లు కిందికి జారిపోతాయి, చరిత్ర పైకి తేలుతుంది. అలాంటి గిస్ట్ చదివితే అన్నీ ఉన్నట్టే కనబడతాయి, కావల్సింది మాత్రం ఉండదు.

మరి బరువు ఎలా తెలుస్తుంది? మాట మీద కొన్ని గుర్తులు ఉంటాయి. సారు ఒకే విషయం వేరువేరు చోట్ల మళ్ళీ అన్నారా, "ప్లీజ్ రిమెంబర్" అన్నారా, "లేదు, అలా కాదు" అని ఏదైనా అపోహని కొట్టేశారా, వినేవాళ్ళు చెయ్యాల్సిన పని ఏదైనా చెప్పారా. ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. జ్వరం మాటలో ఈ గుర్తులు రెండు ఉన్నాయి, ఒకటి పని చెప్తుంది, రెండోది ప్రశ్నల టైమ్‌లో 49 నిమిషాల దగ్గర ఆయనే మళ్ళీ "ఫీవర్, నేను చెప్పాను కదా" అని గుర్తుచేశారు. చరిత్ర భాగంలో ఒక్కటీ లేదు.

(ప్రేక్షకుల్లో ఒకరు: మరి అదే లెక్చర్ పరీక్ష కోసం అడిగితే?)

పరీక్ష కోసమైతే 1949 పాలింగ్ ఒక లైను పెడతాను, అడుగుతారు కాబట్టి. లెక్చర్ అదే, మనిషి మారితే గిస్ట్ మారుతుంది, అందులో తప్పేం లేదు. కానీ ఆ లెక్చర్‌లో లేనిది మాత్రం ఎవరికోసమైనా చేర్చకూడదు. సికిల్ సెల్ నిర్మూలనకి కేంద్రం మిషన్ 2023 జులై 1న మొదలుపెట్టింది, 2047 లోపు అని లక్ష్యం, ఇది నాకు తెలుసు, కానీ సారు ఈ లెక్చర్‌లో ఆ మాట ఎత్తలేదు. నాకు తెలుసు కదా అని గిస్ట్‌లో కలిపేస్తే చదివిన పిల్ల సారు చెప్పారనుకుంటది, వీడియోలో వెతుకుతది, దొరకదు. చెప్పాలనిపిస్తే గిస్ట్ అయిపోయాక గీత గీసి, ఇది లెక్చర్‌లో లేదు, నా మాట అని వేరుగా రాయాలి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇది ఆ ఫైల్‌లోదే, రెండు ముక్కలు. ఎస్ఆర్‌టీ అంటారు, పైన వరస నంబరు, దాని కింద మాట మొదలైన టైమ్, బాణం గుర్తు, మాట అయిపోయిన టైమ్, కింద మాట.

```
412
00:38:14,200 --> 00:38:18,900
so we start with hydroxy area
50 mg per kg per day and then

428
00:39:41,000 --> 00:39:45,300
and please remember never go
above 35 mg per kg
```

ఎవరైనా చూశారా ఏటి తేడా ఉందో? ... అదీ, సరిగ్గా పట్టారమ్మా. మొదలుపెట్టేది 50 అంట, ఎప్పుడూ దాటకూడనిది 35 అంట. రెండూ ఒకే మనిషి, నిమిషంన్నర తేడాలో చెప్పారంటే కుదరదు. ఇంగ్లీషులో పదిహేను, యాభై ఒకలాగే వినబడతాయి, ఆటో క్యాప్షన్ దగ్గర ఇది ఎప్పుడూ ఉండే గొడవే. పైగా అదే లైనులో మందు పేరు హైడ్రాక్సీయూరియాని హైడ్రాక్సీ ఏరియా చేసింది చూడండి, ఒక లైనులో ఒక మాట చెడిపోయి ఉంటే పక్కనున్న అంకెని కూడా నమ్మొద్దు. నేను వీడియో తెరిచి 38 నిమిషాల దగ్గర విన్నాను, ఫిఫ్టీన్ అనే అన్నారు. రోజుకి కేజీకి 15 మిల్లీగ్రాములతో మొదలు, రక్త పరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచడం, 35 దాటకూడదు. అప్పుడు లెక్క సరిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ ఒక్కదాని కోసమే ఇంతమందిని కూర్చోబెట్టినా తప్పులేదు. మామూలు మాట తప్పుగా పడితే చదివేవాళ్ళు నవ్వుకుని సరిచేసుకుంటారు, అంకె తప్పుగా పడితే అది తప్పులాగ కనబడదు. యాభై కూడా మామూలు అంకెలాగే ఉంటది. ఏడువేల మాటల ఫైల్‌లో అది ఒక మూల పడుంటే ఎవరి కంటా పడదు, కానీ మనం దాన్ని తీసి ఆరు లైన్ల గిస్ట్‌లో పెట్టామనుకోండి, ఇప్పుడది ఎదురుగా నిలబడి ఉంటది, నోట్స్‌లోకి ఎక్కుతుంది, ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ అవుతుంది. అందుకని గిస్ట్‌లోకి ఎక్కే ప్రతి అంకెనీ ఆడియోలో విని తీరాలి. మిగతా లెక్చర్ వినక్కర్లేదు, ఆ పదేసి సెకన్లు చాలు, ఫైల్‌లో టైమ్ ఉంది కాబట్టి అక్కడికే వెళ్తాం. ఆరు అంకెలైతే రెండు నిమిషాల పని.

ఇంకోటి, మన ప్రాంతం ఫైల్‌లలో ఎక్కువ ఉండేది. టైమ్‌ల మధ్య ఖాళీలు. ఈ ఫైల్‌లో 25:10 దగ్గర ఒక లైను ఉంది, తర్వాత లైను 26:02. మధ్యలో 52 సెకన్లు, ఏమీ లేదు. సారు 52 సెకన్లు మౌనంగా ఉంటారా? ఉండరు. ఇంగ్లీషుకి పెట్టిన ఆటో క్యాప్షన్ ఒడియా వచ్చేసరికి ఊరుకుంటుంది, లేదంటే నోటికొచ్చిన ఇంగ్లీషు మాటలు నాలుగు పడేస్తుంది. సారు పిల్లలకి అర్థం కావాలని ఒడియాలోకి దిగారంటే అది లెక్చర్‌లో కష్టమైన చోటు అన్నమాట, ముఖ్యమైన చోటు కూడా. ఖాళీ కనబడ్డ ప్రతిచోటా మనం విని తీరాలి. మన బలం కూడా అక్కడే, ఒడియా వింటాం, ఇంగ్లీషు చదువుతాం, తెలుగులో రాస్తాం.

ఆ 52 సెకన్లలో ఏం చెప్పారంటే, దాని ముందు ఇంగ్లీషులో తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్ అయితే, అంటే తమకి జబ్బు లేకపోయినా బిడ్డకి అందించేవాళ్ళయితే, బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నూటికి 25, క్యారియర్ అయ్యే అవకాశం 50, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25 అన్నారు, అది ఫైల్‌లో ఉంది. ఒడియాలో ఏమన్నారంటే, చాలామంది దీన్ని నలుగురు పిల్లలుంటే ఒకరికి వస్తుంది అని లెక్కేసుకుంటున్నారు, మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి తర్వాత ముగ్గురికీ భయం లేదు అనుకుంటున్నారు, అది తప్పు, ప్రతి గర్భానికీ ఆ 25 మళ్ళీ మొదటినుంచే అని. చూశారా? ఫైల్ ఒక్కటే చదివి రాసినవాళ్ళు 25 శాతం అని రాస్తారు, తప్పేం కాదు, కానీ ఊళ్ళో ఒక తల్లి పీహెచ్‌సీకి వచ్చి "పెద్దోడికి ఉంది కదమ్మా, ఇంక దీనికి రాదు కదా" అని అడిగితే ఈ నర్సు పిల్లకి చెప్పడానికి కావల్సిన మాట ఆ ఖాళీలో ఉండిపోయింది. నేను గిస్ట్‌లో ఆ పాయింటుకి టైమ్ ఇచ్చినప్పుడు ఒడియా ముక్క కూడా వినమని రాశాను.

ఇప్పుడు చివరి పది నిమిషాల సంగతి. ప్రశ్నలు జవాబులు అనగానే చాలామంది వదిలేస్తారు, అందులో సగం "సార్ పీపీటీ పంపిస్తారా" లాంటివే ఉంటాయి, నిజమే. కానీ లెక్చరర్ తన మాటని తానే సరిచేసుకునేది అక్కడే. ఈ లెక్చర్‌లో 17:52 దగ్గర సారు "వీళ్ళకి మలేరియా తక్కువ వస్తుంది" అని ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోయారు. మన మన్యంలో మలేరియా ఎంత మామూలో మీకు తెలుసు, ఆ మాట పట్టుకుని సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి మలేరియా భయం లేదు అని రాసేసుకుంటే ఎంత ప్రమాదం. 46:20కి ఒక అమ్మాయి అడిగింది, "సార్, అయితే పేషెంట్లకి మలేరియా రాదా" అని. 46:48కి సారు చెప్పారు, లేదు, ఆ రక్షణ క్యారియర్లకి, అదీ ముదిరిపోయే మలేరియా నుంచి కొంతవరకే, జబ్బు ఉన్నవాళ్ళకి మలేరియా వస్తే ఇంకా ప్రమాదం అని.

ఇక్కడ గిస్ట్ రాసేవాళ్ళు రెండు రకాలుగా చెడగొడతారు. కొందరు 17:52 ఒక పాయింటు, 46:48 ఇంకో పాయింటు అని వేరువేరుగా రాస్తారు, చదివినవాళ్ళకి సారు ఒకచోట ఒకటి ఇంకోచోట ఇంకోటి అన్నట్టు ఉంటుంది. కొందరు మొదటిది మాత్రమే రాస్తారు, అది ఇంకా ఘోరం. రెండూ కలిపి ఒక్క పాయింటు చెయ్యాలి, సారు చివరికి ఏ మాట మీద నిలబడ్డారో అది రాయాలి, టైమ్ కూడా దానిదే ఇవ్వాలి. నేనైతే 17:52 మాటని నమ్మొద్దని కూడా రాస్తాను, వీడియో మొదటినుంచి చూసేవాళ్ళకి ముందు దొరికేది అదే కదా.

సరే, టైమ్ ఎక్కడిది ఇవ్వాలి అన్నది ఇంకొంచెం. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ముఖ్యమైన మాట ఏ లైనులో ఉందో ఆ టైమ్ వేసేస్తారు చాలామంది. దాన్ని నొక్కితే వినేవాళ్ళు వాక్యం మధ్యలో పడతారు, "...మిల్లీగ్రామ్స్ పర్ కేజీ" అని వినబడుద్ది, ఏ మందు, ఎవరికి అన్నది ముందే అయిపోయింది. కొంచెం వెనక్కి వెళ్ళి సారు ఆ విషయం ఎత్తుకున్న చోటు చూడాలి. మందు డోసుకి ఫైల్‌లో 38:14 ఉంది, నేను 38:05 ఇచ్చాను, అక్కడ సారు "నౌ ద డ్రగ్" అని మొదలుపెడతారు. యూట్యూబ్ లింకు ఇచ్చేటట్టయితే నిమిషాల్ని సెకన్లు చేసి లింకు చివర `?t=2285` అని తగిలిస్తే సరిగ్గా అక్కడే తెరుచుకుంటది, 38ని 60తో గుణించి 5 కలపడమే. లింకులో ముందే ప్రశ్న గుర్తు ఉంటే `&t=2285` అని పెట్టాలి.

అన్నట్టు, టైమ్‌లు వేసేముందు ఫైల్‌కీ వీడియోకీ టైమ్ కలుస్తుందో లేదో చూసుకోండి. చాలా కాలేజీలు రికార్డింగ్ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ ముందే తీసేసి, తర్వాత వీడియోకి ముందు టైటిలు, మ్యూజిక్కు తగిలించి ఎక్కిస్తారు. మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట విని చూడండి. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే, 18 సెకన్లు అనుకోండి, అన్నిటికీ 18 కలిపేస్తే అయిపోద్ది. మొదట్లో కలిసి మధ్య నుంచి తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కత్తిరించారు, ఆ చోటు పట్టుకుని అక్కణ్ణించి సరిచెయ్యాలి. ఈ ఫైల్‌కి ఆ గొడవ లేదు, కలిసింది.

ఇదిగో, పిల్లకి పంపింది ఇదీ. చదువుతాను.

"లెక్చర్ మొత్తం మీద సారు చెప్పేది: సికిల్ సెల్ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చే రక్త జబ్బు. ముందే టెస్టు చేసి పట్టుకుని, జ్వరాన్ని అశ్రద్ధ చెయ్యకుండా, మందు సరిగ్గా వాడిస్తే చాలా ప్రమాదాలు తప్పించొచ్చు.

11:42 – ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర కణాలు కొడవలిలాగ వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, నొప్పులు అందుకే. మామూలు కణం 120 రోజులు ఉంటే ఇది 10 నుంచి 20 రోజులే, రక్తం తక్కువ అందుకే.

24:50 – ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భానికీ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకి వచ్చింది కదా అని తర్వాత బిడ్డకి తగ్గదు. 25:10 నుంచి ఒడియాలో చెప్పారు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో లేదు, తప్పకుండా విను.

28:30 – సాల్యుబిలిటీ టెస్టు పాజిటివ్ వస్తే జబ్బో క్యారియరో తేలదు, హెచ్‌పీఎల్‌సీ లాంటి టెస్టుతో తేల్చాలి. ఆరు నెలల లోపు బిడ్డకి సాల్యుబిలిటీ నెగెటివ్ వచ్చినా నమ్మకూడదు.

38:05 – హైడ్రాక్సీయూరియా కేజీకి రోజుకి 15 మిల్లీగ్రాములతో మొదలు, 35 దాటకూడదు, రక్త పరీక్షలు చూస్తూ పెంచాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో 50 అని తప్పు పడింది, నేను విన్నాను, 15. డోసు డాక్టరు రాసిందే చూడు.

41:05 – జ్వరం 38.5 దాటిన పిల్లని వెంటనే పంపాలి. రేపు పొద్దున్న నీకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

46:20 – మలేరియా రక్షణ క్యారియర్లకే, అదీ కొంతవరకే. పేషెంటుకి మలేరియా ఇంకా ప్రమాదం. 17:52 దగ్గర చెప్పిన మాటని ఇక్కడ సరిచేశారు."

అంతే. అయిపోయింది. ఇందులో నొప్పులకి నీళ్ళు బాగా తాగించమన్నది, ఐదేళ్ళదాకా పెన్సిలిన్ ఇవ్వమన్నది లేవు, చూశారా, 33 నుంచి 37 మధ్యలో చెప్పారు అవి. పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వాళ్ళ క్లాసు నోట్స్‌లో అవి ముందే ఉన్నాయని నాకు తెలుసు, అందుకే వదిలేశాను, నోట్స్ లేని మనిషికైతే పెన్సిలిన్ తప్పకుండా పెట్టేవాణ్ణి. పాయింట్లు టైమ్ వరసలోనే పెట్టాను, ముఖ్యమైంది పైకి ఎక్కించకుండా, ఎందుకంటే వీడియో చూస్తూ చదువుతుంది, వరస తప్పితే ముందుకీ వెనక్కీ తిరగాలి. ముఖ్యమైందాని పక్కన అది ముఖ్యమని రాస్తే చాలు.

భాష సంగతి ఎవరో చీటీ పంపారు, ఇంగ్లీషు లెక్చర్‌కి తెలుగులో ఎందుకని. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠం చెప్తూనే వాడుక భాష కోసం పోరాడిన నేల ఇది, అందుకని మన పిల్లలకి మనం మాట్లాడే తెలుగులోనే రాస్తాను. మందు పేర్లు, టెస్టు పేర్లు మాత్రం ఆసుపత్రిలో ఎలా పిలుస్తారో అలాగే ఉంచుతాను, లేకపోతే రేపు రిజిస్టర్‌లో చూసి గుర్తుపట్టలేరు.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

(ప్రేక్షకుల్లో ఒకరు: వీడియో మన దగ్గర లేదు, నెట్ లేదు, ఫైల్ ఒక్కటే ఉంది, అప్పుడు ఆ 50 సంగతి ఎలా?)

మంచి ప్రశ్న బాబూ. ఫైల్ ఒక్కటే ఉంటే 15 అని రాసే హక్కు నీకు లేదు, నీకు ఎంత గట్టిగా తెలిసినా సరే. "ఇక్కడ 50 అని ఉంది, కానీ నిమిషంన్నర తర్వాత 35 దాటొద్దన్నారు, రెండూ కుదరవు, 38:05 దగ్గర విని చూసుకో, వినేదాకా ఈ అంకె వాడొద్దు" అని రాయి. ఒడియా ఖాళీకి కూడా అంతే, 25:10 నుంచి 26:02 దాకా ఫైల్‌లో ఏమీ లేదు, అక్కడ ఏదో చెప్పారు అని రాయి, ఏం చెప్పి ఉంటారో ఊహించి మాత్రం రాయొద్దు.

(ఇంకొకరు: స్లైడ్ చూపించి "ఇది చూడండి" అంటారు కదండీ, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో రాదు కదా?)

రాదండి. ఈ లెక్చర్‌లోనే 30:15 దగ్గర "ఈ రెండు గీతలు చూడండి, ఇక్కడ ఒకటే" అన్నారు, టెస్టు రిపోర్టు బొమ్మ ఏదో చూపించి. మాటలు చదివితే ఏమీ అర్థం కాదు. అలాంటివి వస్తే వీడియోలో ఆ టైమ్‌కి ఆపి స్లైడ్ చూడాలి, వీడియో లేకపోతే 30:15 దగ్గర బొమ్మ చూపించి చెప్పారు, చూస్తేనే తెలుస్తుంది అని రాసి వదిలెయ్యాలి. "ఇది", "ఇక్కడ", "దిస్ వన్" అన్న మాటలు ఒకచోట ఎక్కువగా కనబడితే అక్కడ స్లైడ్ ఉందని లెక్క.